ఉండమన్నది నేనే

తెనాలిలో ఒక ఇల్లు. కింద మూడు గదులు, ముందు వరండా, పెరట్లో బోరు. మేడ మీద రెండు గదుల పోర్షన్. ఇల్లు అరవై ఎనిమిదేళ్ల ఒక పెద్దావిడ పేరు మీద ఉంది. భర్త కొన్నప్పుడే ఆమె పేరన రిజిస్టర్ చేయించాడు. ఆయన పోయాక ఆమె హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లింది. తాళం వేసిన ఇల్లు పాడుపడుతుంది కదా అని, వ్యాపారంలో దెబ్బతిన్న సొంత తమ్ముణ్ణి పిలిచి, "ఓ రెండు నెలలు ఉండరా, ఈలోగా ఏదో దారి దొరుకుతుంది" అంది. ఆ మాట అని పదకొండేళ్లయింది.

ఇప్పుడామె తిరిగి తన ఇంటికి రావాలనుకుంటోంది. మోకాళ్ల నొప్పులు, మేడ ఎక్కలేదు. కింది పోర్షనే కావాలి. మొదటిసారి అడిగినప్పుడు తమ్ముడు, "పిల్ల ఇంటర్ మధ్యలో ఉందక్కా, ఎక్కడికి పొమ్మంటావు?" అన్నాడు. రెండోసారి అడిగితే ఫోన్ ఎత్తలేదు. మూడోసారి మేనల్లుడు స్వయంగా వెళ్లాడు. మావయ్య వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, నెమ్మదిగా చెప్పాడు: "పదకొండేళ్లు ఈ ఇంటిని కాపాడింది నేను. పన్నెండేళ్లు నిండితే చట్టం ఎవరి వైపు ఉంటుందో కనుక్కో అబ్బాయ్."

ఆ రాత్రి మేనల్లుడికి నిద్ర పట్టలేదు. ఏడాదే మిగిలింది, ఈలోగా ఏదో ఒకటి చేసెయ్యాలి అనిపించింది. ఇలాంటప్పుడు సలహాలకు కొదవ ఉండదు. వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చెయ్యమన్నాడొకడు. కరెంటు తీయించెయ్యమన్నాడింకొకడు. ఆయన ఉండగానే ఇల్లు ఎవరికో అమ్మేస్తే కొన్నవాడు చూసుకుంటాడన్నాడు మరొకడు. ఈ ఇంటి సంగతి నేను దగ్గర నుంచి చూశాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి ఇక్కడ చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి ఇల్లు మీ బంధువుల్లో ఒకటైనా ఉండే ఉంటుంది.

ముందు ఆ పన్నెండేళ్ల మాట తేల్చుకుందాం, సగం భయం దాని వల్లే. 1963 నాటి కాలపరిమితి చట్టంలో పన్నెండేళ్ల గడువు ఉన్నమాట నిజమే. కానీ అది, యజమాని హక్కును కాదని, ఇది నాదేనని బాహాటంగా అనుభవిస్తున్నవాడి సంగతి. యజమాని ఉండమంటే ఉన్నవాడికి ఆ లెక్క మొదలే కాదు. పన్నెండేళ్లు కాదు, పాతికేళ్లున్నా అనుమతితో ఉన్నవాడు అనుమతితో ఉన్నవాడే. 2012లో సుప్రీంకోర్టు ముందుకు గోవా నుంచి సరిగ్గా ఇలాంటి తగాదాయే వచ్చింది. మరియా మార్గరీదా సెక్వేరా ఫెర్నాండెస్ అనే ఆవిడ ఇంట్లో ఆమె తోబుట్టువు ఉండిపోయాడు. ప్రేమకొద్దీ ఊరికే ఉండనిచ్చినంత మాత్రాన, ఎన్ని ఏళ్లు, ఎన్ని దశాబ్దాలు ఉన్నా ఆ ఇంటి మీద హక్కు పుట్టదని కోర్టు అందులో తేల్చి చెప్పింది.

అంటే మొత్తం వ్యవహారం 'అనుమతి' అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది. తెనాలి ఇంట్లో చిక్కల్లా, ఆ అనుమతికి కాగితం లేదు. అక్క నోటిమాటగా ఉండమంది, తమ్ముడు ఉన్నాడు.  రేపు తమ్ముడు "అక్క నాకు ఇచ్చేసింది" అంటే, కాదనడానికి ఉన్నది అక్క నోరొక్కటే. ఇంకొక సంగతి కూడా ఉంది. ఇల్లు నాదేనని అతను ఏ రోజు తెగేసి చెబుతాడో, ముఖ్యంగా రాతపూర్వకంగా చెబుతాడో, ఆ రోజు నుంచి యజమాని మౌనంగా ఉండటం మంచిది కాదు. అంతవరకు పరుగెత్తని గడియారం అప్పుడు మొదలైందని వాదించే వీలు అతనికి దొరుకుతుంది.

అందుకే ఇలాంటి ఇళ్లలో మొదటి కాగితం "ఖాళీ చెయ్యి" అని ఉండకూడదని నా అభిప్రాయం. "నిన్ను ఉండమన్నది నేనే" అని ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. కోపంగా వకీలు నోటీసు పంపుతారు. దానికి జవాబుగా అవతలివాడు కూడా ఒక వకీలు దగ్గరికి వెళతాడు. ఆ వకీలు రాసే జవాబులో, అంతవరకు ఎవరి నోటా రాని హక్కులన్నీ మొదటిసారి పుట్టుకొస్తాయి.

అయితే కాగితం రాసేముందు ఒక పని ఉంది. ఇల్లు నిజంగా ఎవరిదో చూసుకోవాలి. కుటుంబంలో అందరూ "అమ్మ ఇల్లు" అంటారు. దస్తావేజు తీస్తే నాన్న పేరు ఉంటుంది, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటాడు. అప్పుడది అమ్మ ఇల్లు కాదు, అమ్మదీ పిల్లలందరిదీ. హిందూ కుటుంబమైతే, తండ్రి స్వార్జితంలో కూతుళ్లకు కూడా కొడుకులతో సమానంగా వాటా 1956 నుంచీ ఉంది. అలాంటి ఇంట్లో అద్దె కట్టకుండా ఉంటున్నది పెద్దన్నయ్య అయితే, అతను అతిథి కాదు, భాగస్తుడు. భాగస్తుణ్ణి ఖాళీ చెయ్యమనే హక్కు తక్కిన భాగస్తులకు లేదు. వాళ్లు అడగగలిగింది పంపకం. ఇల్లు ముక్కలు చెయ్యడానికి వీల్లేకపోతే ఒకరు తక్కినవాళ్ల వాటాల విలువ చెల్లించి హక్కు విడుదల దస్తావేజు రాయించుకోవాలి, లేదా అందరూ కలిసి అమ్మి డబ్బు పంచుకోవాలి. "మా అన్నయ్యను ఇంట్లోంచి పంపించాలి" అని వచ్చేవాళ్లలో కొందరికి నిజంగా కావలసింది ఇదే, కానీ ఏళ్ల తరబడి తప్పు ప్రశ్న అడుగుతూ ఉంటారు.

తెనాలి ఇంటికి ఈ చిక్కు లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ తీయించారు, దస్తావేజు నకలు తీసుకున్నారు, మునిసిపాలిటీలో ఇంటిపన్ను ఎవరి పేరున ఉందో చూశారు. మూడింటిలోనూ అక్క పేరే. తమ్ముడి ఆధార్, రేషన్ కార్డు ఆ చిరునామాతో ఉన్నాయని మేనల్లుడు కంగారుపడ్డాడు. అవి అతను అక్కడ ఉంటున్నాడని చెబుతాయి, ఇల్లు అతనిదని కాదు.

తాళం మార్చే సంగతి, కరెంటు తీయించే సంగతి కూడా అప్పుడే తేలిపోయింది. ఇల్లు మనదే అయినా, అందులో కాపురం ఉంటున్నవాణ్ణి బలవంతంగా బయటికి నెట్టడానికి చట్టం ఒప్పుకోదు. నెట్టేస్తే ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి అడిగే దారి 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టంలో ఉంది. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు. ఎవరు ఉన్నారు, ఎవరు ఎలా వెళ్లగొట్టారన్నదే చూస్తారు. ఇంటి యజమాని ముద్దాయి అయి నిలబడతాడు. పైగా పోలీసు కేసు. నీళ్లు, కరెంటు ఆపినా అంతే. ఇంటర్ చదివే పిల్ల చీకట్లో కూర్చున్న ఫొటో ఒక్కటి చాలు, అంతవరకు అక్క వైపున్న బంధువులందరూ తమ్ముడి వైపు తిరగడానికి.

ఇంకో తప్పు మంచి ఉద్దేశంతో జరుగుతుంది. "ఊరికే ఉన్నానన్న మాట లేకుండా నెలకో వెయ్యి పంపమను" అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. పంపితే పుచ్చుకుందామనే అనుకున్నారు. పుచ్చుకుంటే అది అద్దె అవుతుంది, తమ్ముడు అద్దెదారు అవుతాడు, అద్దెదారుకు చట్టం ఇచ్చే రక్షణలన్నీ అడుగుతాడు. ఆ వెయ్యి రూపాయలు అతనికి లేని హోదాను కొని పెడతాయి. అద్దె అన్న మాట ఉత్తరంలో గానీ, వాట్సాప్‌లో గానీ, బ్యాంకు బదిలీలో గానీ కనబడకూడదు.

మేడ మీద పోర్షన్ సంగతి వేరు. అక్కడ నిజంగానే అద్దెకుంటున్న ఒక చిన్న కుటుంబం ఉంది. నాలుగేళ్లుగా నెలకు 6,000 తమ్ముడి చేతికి ఇస్తున్నారు. కూడితే 2,88,000. మేనల్లుడికి ఈ అంకె తెలిసిన రోజే ఇల్లు రెండుగా చీలిపోయేది. ఆ డబ్బులోంచే ఇంటిపన్ను కట్టానని, రెండుసార్లు సున్నం వేయించానని తమ్ముడంటాడు. నిజమే కావచ్చు, లెక్క రాసిపెట్టలేదు. పాత లెక్క అడగకుండా, వచ్చే నెల నుంచి మాత్రం అద్దె అక్క ఖాతాలో పడేలా ఆ కుటుంబంతో ఒప్పందం రాయించుకున్నారు. నా మటుకు అది చాలా మంచి పని. అద్దె వసూలు చేసేవాడే ఇంటి పెద్దలా కనిపిస్తాడు, ఆ రూపం ముందు పోవాలి. పాత లెక్క తవ్వితే ఇల్లు రాదు, తగాదా పెరుగుతుంది.

తమ్ముడి వాదనల్లో కొంచెం పస ఉన్నది ఒక్కటే. ఆరేళ్ల కిందట అతను బోరు వేయించాడు, పెరటి వైపు స్నానాలగది కట్టించాడు. "మూడు లక్షలు పోశాను, అక్కకు చెప్పే చేశాను" అంటాడు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఉండటానికి ఇచ్చిన అనుమతిని ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోవచ్చు. తీసుకున్నాక సామాను సర్దుకుని వెళ్లడానికి తగినంత గడువు ఇవ్వాలి. కానీ ఆ అనుమతిని నమ్ముకుని అవతలివాడు తన ఖర్చుతో శాశ్వతమైన కట్టడం కట్టి ఉంటే, అనుమతి వెనక్కి తీసుకోవడానికి వీల్లేదని కూడా అదే చట్టం అంటుంది. కుళాయి మార్చడం, రంగులు వేయడం, పగిలిన పలకలు వేయించడం ఈ లెక్కలోకి రావు. తన కాపురం సౌకర్యం కోసం కట్టిన ఒక స్నానాలగది మొత్తం ఇంటి మీద అనుమతిని శాశ్వతం చేస్తుందంటే కోర్టులు సులువుగా ఒప్పుకోవు. కానీ పైన ఒక గది లేపి ఉంటే? స్లాబు వేసి ఉంటే? అప్పుడు వాదన బరువెక్కుతుంది. అందుకే ఎవరినైనా ఇంట్లో ఉండనిచ్చినవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. వాళ్లు ఇటుకలు దించుతున్నారని తెలిసిన రోజే "ఆపండి, ఏం కావాలన్నా నేను చేయిస్తాను" అని రాతపూర్వకంగా చెప్పాలి.

తెనాలిలో ఒక మేస్త్రీని పిలిచి చూపించారు. ఆరడుగులకు ఐదడుగుల గది, పలకలు, మోటారు, బోరు లోతు, అన్నీ చూసి, అప్పటి ధరల్లో ఎంతయ్యుంటుందో అతను చెప్పాడు. దొరికిన రసీదులు పక్కన పెట్టుకుని ఇరువైపులా 1,25,000 దగ్గర ఆగారు. ఈ అంకె ఒప్పుకోవడంతో తమ్ముడి గొంతు మారిపోయింది. ఆరేళ్లుగా అతని మనసులో ఉన్నది అదేనని అప్పుడు అర్థమైంది. ఇల్లు కావాలని కాదు, తను పెట్టింది ఎవరూ గుర్తించడం లేదని.

మాట్లాడే చోటు గురించి కూడా చెప్పాలి. మొదటి మూడు ప్రయత్నాలూ ఎందుకు చెడ్డాయంటే, అడిగింది ప్రతిసారీ ఎవరో ఒక్కరు, సమాధానం చెప్పిందీ ఒక్కరే. నాలుగోసారి అక్క స్వయంగా వచ్చింది. అల్లుణ్ణి తీసుకురాలేదు, అల్లుడి ముందు మేనమామ తగ్గడని ఆమెకు తెలుసు. తమ్ముడి భార్యను, ఆమె అన్నగారిని కూర్చోబెట్టారు. ఎవరి తప్పు అన్న ప్రసక్తి రాకుండా ఒకే ప్రశ్న ముందు పెట్టారు: ఎప్పుడు? అప్పుడు ఆ ఇల్లాలు అసలు సంగతి చెప్పింది.

"వదినా, వెళ్లమంటే వెళతాం. కానీ ఈ ఊళ్లో అద్దె ఇల్లంటే ముందు అడ్వాన్సు కావాలి. ఆయన దగ్గర లేదు. లేదని మీకు చెప్పలేరు. పిల్ల పరీక్షలు మార్చిలో. మధ్యలో కదిలిస్తే దాని చదువు పోతుంది. పైగా అక్క ఇంట్లోంచి వెళ్లగొట్టిందని ఊరంతా అనుకుంటే రేపు దానికి సంబంధాలు ఎలా చూస్తాం?"

ఈ మూడే. డబ్బు, పరీక్షలు, పరువు. పన్నెండేళ్ల చట్టం ఎక్కడా లేదు. ఖాళీ చెయ్యనన్నవాడి వెనక చాలాసార్లు ఉండేది ఇదే: వెళ్లడానికి చోటు లేకపోవడం, లేదని చెప్పుకోలేకపోవడం. అందరూ ఇలాగే ఉంటారని అనను. ఇల్లు మింగేద్దామని కూర్చునేవాళ్లూ ఉంటారు. తేడా తెలుసుకునే మార్గం ఒకటుంది. ధారాళంగా గడువు ఇచ్చి, అనుమతితోనే ఉంటున్నానని సంతకం పెట్టమంటే, చోటు లేనివాడు చివరికి పెడతాడు. ఇంటి మీద కన్నేసినవాడు ఎంత గడువిచ్చినా పెట్టడు.

ఆ ఉత్తరం ఇలా రాశారు. సాదా తెల్ల కాగితం మీద, అక్క తమ్ముడికి రాసినట్టు:

"చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు. తెనాలిలో నా పేరున ఉన్న ఈ ఇంట్లో నువ్వూ నీ కుటుంబమూ ఉండటానికి పదకొండేళ్ల కిందట నేను ఒప్పుకున్నాను. అప్పటి నుంచి నా అనుమతితో, అద్దె ఏమీ లేకుండా మీరు ఇందులో ఉంటున్నారు. ఇప్పుడు ఈ ఇంట్లో నేను ఉండవలసిన అవసరం వచ్చింది. పిల్ల పరీక్షలు అయ్యేదాకా ఉండి, ఏప్రిల్ 30లోగా ఇల్లు నాకు అప్పగించవలసింది. ఈలోగా కొత్త కట్టడాలు చేయవద్దు, ఇంకెవరినీ ఇంట్లో పెట్టవద్దు."

కింద తమ్ముడి వైపు రెండు ముక్కలు: "పై సంగతులు నిజం. ఆ తేదీకి ఇల్లు అప్పగిస్తాను." సంతకం, తారీఖు. ఇద్దరు సాక్షులు, ఒకరు ఇటువైపు, ఒకరు అటువైపు. ఇంటి నంబరు, నాలుగు హద్దులు, కరెంటు మీటరు నంబరు వెనకవైపు రాశారు.

చదువుతుంటే మామూలు ఉత్తరంలా ఉంటుంది. కానీ అందులోని ప్రతి వాక్యానికీ పని ఉంది. ఇల్లు ఆమెదని, ఉన్నది అనుమతితోనని, అద్దె లేదని, ఆ అనుమతి ఫలానా రోజుతో ముగుస్తుందని ఆ తమ్ముడే ఒప్పుకున్నట్టయింది. అక్టోబరులో అడిగి, ఏప్రిల్ దాకా గడువిచ్చారని మేనల్లుడు గొణిగాడు. ఆ ఆరు నెలలు ఖరీదే. కానీ పదకొండేళ్ల నోటిమాట ఆ ఆరు నెలలతో కాగితం మీదికి వచ్చింది. తమ్ముడు వెంటనే సంతకం పెట్టలేదు. "ఇది నా మెడకు చుట్టుకుంటుంది" అన్నాడు. రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుని ఎవరికో చూపించుకోమన్నారు. మూడో రోజు పెట్టాడు. సంతకం పెట్టకపోయి ఉంటే ఇదే ఉత్తరాన్ని స్పీడ్‌పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా పంపేవాళ్లు, ఆ తర్వాతే వకీలు నోటీసు.

ఈ మధ్యలో ఒకరు "పెద్దావిడకు అరవై దాటాయి కదా, ఆర్డీవో దగ్గర పిటిషన్ పెట్టండి, నెలల్లో ఖాళీ చేయిస్తారు" అన్నారు. ఈ మాట ఇప్పుడు ఊళ్లలో బాగా తిరుగుతోంది కనుక వివరంగా చెప్పాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని కింద ఏర్పడిన ట్రిబ్యునల్ ఆర్డీవో దగ్గర ఉంటుంది. వృద్ధుల రక్షణకు అవసరమైతే ఇంట్లోంచి ఖాళీ చేయించే అధికారం ఆ ట్రిబ్యునల్‌కు ఉందని 2020లో, మళ్లీ 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. కొడుకు తల్లిని తన ఇంట్లోనే ఒక మూలకు నెట్టేసిన ఇళ్లలో ఇది నిజంగా అక్కరకొచ్చే దారి. కానీ ఆ చట్టం పోషణ బాధ్యత పెట్టేది పిల్లల మీద, మనవల మీద. పిల్లలు లేని వృద్ధులైతే వాళ్ల ఆస్తి అనుభవిస్తున్న లేదా రేపు వారసత్వంగా పొందబోయే బంధువు మీద. తెనాలి ఆవిడకు కొడుకు, కూతురు ఉన్నారు. తమ్ముడు ఆ చట్టం చెప్పే 'బంధువు' కిందికి రాడు. ఆ దారిలో వెళ్లి ఉంటే ఏడాది తిరిగి వెనక్కి వచ్చేవాళ్లు.

ఇంకొక జాగ్రత్త. ఇంట్లో ఉన్నది కోడలైతే, విడిపోయిన కోడలైనా సరే, ఆమె కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు 2005 నాటి గృహహింస చట్టం ఇచ్చింది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆ హక్కు వర్తించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. కొడుకు మీది కోపంతో కోడల్ని బయటికి పంపడానికి వృద్ధుల చట్టాన్ని వాడుకోవడం కుదరదు, కుదరకూడదు కూడా.

తెనాలి కుటుంబం ఎంచుకున్నది లోక్ అదాలత్. కోర్టులో కేసు ఉంటేనే అక్కడికి వెళ్లాలని చాలామంది అనుకుంటారు. దావా వెయ్యకముందే వెళ్లవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, చాలా పట్టణాల్లో కోర్టుల దగ్గరే మండల స్థాయి కమిటీ ఉంటుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. తెల్ల కాగితం మీద ఇరువైపులవాళ్ల పేర్లు, చిరునామాలు, తగాదా ఏమిటో రాసి ఇస్తే చాలు. కోర్టు ఫీజు లేదు. స్త్రీ కనుక, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా వకీలును అడిగే హక్కు కూడా ఆ అక్కకు ఉంది. అవతలివాళ్లకు నోటీసు పంపి పిలుస్తారు. వచ్చి, ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. రానన్నవాణ్ణి బలవంతంగా ఒప్పించే అధికారం వాళ్లకు లేదు, వాళ్లంతట వాళ్లు తీర్పు చెప్పరు.

మరి ఇంట్లో రాసుకున్న ఉత్తరం ఉండగా మళ్లీ ఇదెందుకు? ఏప్రిల్ 30న తమ్ముడు మనసు మార్చుకుంటే ఆ ఉత్తరం సాక్ష్యంగా మాత్రమే పనికొస్తుంది. దాన్ని పట్టుకుని మళ్లీ మొదటి నుంచి దావా వెయ్యాలి. అదే ఒప్పందం లోక్ అదాలత్‌లో రికార్డయితే, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. తప్పితే నేరుగా అమలు పిటిషన్ వేస్తారు, అంటే దావా గెలిచినవాడు నిలబడే చోట నిలబడి మొదలుపెడతారు.

ఇక్కడ ఒక్కటే జాగ్రత్త, అది రాతలో ఉంది. లోక్ అదాలత్ అవార్డుల్లో కొన్ని "ఇరువురూ సామరస్యంగా ఉండుటకు అంగీకరించిరి", "త్వరలో ఖాళీ చేయుటకు ఒప్పుకొనిరి" అని ముగుస్తాయి. అమలు చేయవలసిన కోర్టు సిబ్బంది ఆ వాక్యంతో ఏం చేస్తారు? ఏ ఇల్లు, ఎంత భాగం, ఏ తారీఖు, ఎవరు ఎవరికి అప్పగించాలి, ఎవరు ఎంత ఎప్పుడు ఇవ్వాలి, ఇవన్నీ అందులో ఉండాలి. డోరు నంబరు, హద్దులతో షెడ్యూలు జతచేయాలి. తెనాలి వాళ్లు ముసాయిదాను ఇంట్లోనే రాసుకుని తీసుకెళ్లారు. "కింది పోర్షన్" అని రాసిన చోట ఒక పెద్దాయన "పెరట్లో స్నానాలగది, బోరు కూడా అని చేర్చండి" అన్నాడు. చేర్చకపోయి ఉంటే రేపు అదొక్కటీ మిగిలేది.

డబ్బు మొత్తం రెండు లక్షలు. స్నానాలగది, బోరు కింద 1,25,000. కొత్త అద్దె ఇల్లు నెలకు 8,000, రెండు నెలల అడ్వాన్సు 16,000, ఆరు నెలల అద్దె 48,000, సామాను తరలింపుకు 11,000. మూడు విడతలుగా రాశారు. అవార్డు మీద సంతకాలయ్యాక 50,000. కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టే రోజున 50,000. మిగిలిన లక్ష తాళాలు చేతికిచ్చే రోజున, ఇల్లు ఖాళీ అయిందని చూసుకున్నాక. అన్నీ బ్యాంకు ద్వారానే, "అవార్డు ప్రకారం" అన్న మాటతో. మొత్తం ముందే ఇచ్చేసి ఖాళీ కోసం ఎదురుచూసిన కుటుంబాలు నాకు తెలుసు. డబ్బు అప్పుల్లో పోయింది, అతను అక్కడే ఉన్నాడు.

"మన ఇంటికి మనమే డబ్బు కట్టాలా?" అని మేనల్లుడు చివరిదాకా బాధపడ్డాడు. ఆ బాధ న్యాయమైనదే. అందులో లక్షా పాతిక వేలు ఇంట్లో ఉన్న వస్తువుకు కట్టిన ధర. మిగిలిన 75,000, దావా పడి ఏళ్లపాటు తల్లి ఆ ఇంట్లోకి రాలేకపోవడంతో పోల్చి చూసుకోమన్నాను. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు.

పరువు సంగతికి కాగితం పనికిరాదు. దానికి అక్కే దారి చూసింది. తను తిరిగి వస్తోందని, వయసు మీద పడి కింది పోర్షన్ కావలసి వచ్చిందని, తమ్ముడు అక్క కోసం ఇల్లు ఖాళీ చేసి ఇచ్చాడని బంధువులందరికీ తనే ఫోన్ చేసి చెప్పింది. అందులో అబద్ధం లేదు.

ఇదంతా ప్రయత్నించినా సంతకం పెట్టకుండా, లోక్ అదాలత్‌కు రాకుండా, ఇల్లు నాదేనని జవాబు రాసేవాడు ఉంటే? అప్పుడు దావా తప్పదు, ఆలస్యం చేయకూడదు కూడా. అయితే అప్పటికి చేతిలో ఈసీ, పన్ను రసీదులు, పంపిన ఉత్తరం, అందిన రుజువు, వకీలు నోటీసు, లోక్ అదాలత్‌కు అతను రాలేదన్న కాగితం ఉంటాయి. యజమాని అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే అక్కడి నుంచి పంపే పవర్ ఆఫ్ అటార్నీ ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి. అది మరిచిపోయి, సంతకం పెట్టడానికి మనిషి లేక ఆగిపోయిన ఒప్పందాలున్నాయి.

ఏప్రిల్ 27 ఆదివారం. తమ్ముడి సామాను అప్పటికే రెండు ట్రిప్పుల్లో వెళ్లిపోయింది. మేనల్లుడు గదిగదికీ తిరిగి ఫోన్‌లో వీడియో తీశాడు, కరెంటు మీటరు రీడింగ్ రాసుకున్నాడు. అప్పగింత కాగితం మీద తాళాలు ఎన్నో రాసే చోట ఖాళీ ఉంచారు. మావయ్య జేబులోంచి వీధి గుమ్మం తాళంచెవి తీశాడు, తర్వాత పెరటి తలుపుది. "ఇంకోటి బీరువా గదిది, పదేళ్ల కిందటే పోయింది అబ్బాయ్, అలాగే రాసుకో" అన్నాడు. మేనల్లుడు అలాగే రాశాడు. అక్క వంటింట్లోంచి పిలిచింది, అందరికీ విస్తళ్లు వేసి ఉన్నాయని.